రెండు దిక్కులు, నాలుగు తెలియని సంగతులు: అభిఘాతాల లెక్క నందికొట్కూరు నుంచి

కర్నూలు నుంచి గుంటూరు పోయే రోడ్డు నందికొట్కూరు ఊళ్లోంచే వెళ్తుంది. తర్వాత ఆత్మకూరు దాటి నల్లమల ఎక్కుతుంది. మిరప బస్తాల లారీలు, మొక్కజొన్న ట్రాక్టర్లు, బస్సులు, ఆటోలు, మోటార్ సైకిళ్లు అన్నీ ఆ రోడ్డు మీదనే. పల్లెల నుంచి వచ్చే అడ్డరోడ్లు దాన్ని చాలాచోట్ల దాదాపు నిలువుగా కలుస్తాయి. అలాంటి చోట రెండు బండ్లు గుద్దుకుంటే అవి ఎదురెదురుగా వచ్చినవి కావు, ఒకటి తూర్పుకు పోతుంటే ఇంకొకటి ఉత్తరానికి పోతున్నది. గుద్దుకున్నాక రెండూ ఆ రెండు దిక్కుల మధ్య ఎటో ఒక మూలకు ఈడ్చుకుపోయి ఆగుతాయి. ఆ మూల ఎంత, ఎంత దూరం ఈడ్చుకుపోయాయి అన్న రెండు కొలతల నుంచి, గుద్దుకోకముందు ఏ బండి ఎంత వేగంతో వచ్చిందో చెప్పవచ్చు. రెండు మితుల్లో అభిఘాతం అని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివే పాఠం ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే.

ఈ పాఠాన్ని సాధారణంగా రెండు ముక్కలుగా చెబుతారు. గతిజ శక్తి నిలిచే అభిఘాతాలు స్థితిస్థాపకం, శక్తి కొంత పోయేవి అస్థితిస్థాపకం. విభజన సరైనదే గానీ, లెక్క ఎందుకు ఒకచోట తేలికగా తేలుతుందో, మరోచోట ఎందుకు మొండికేస్తుందో అది చెప్పదు. నా అభిప్రాయంలో మొదట అడగవలసిన ప్రశ్న వేరు: మనకు తెలియని రాశులు ఎన్ని, వాటిని పట్టుకోవడానికి చేతిలో ఉన్న సమీకరణాలు ఎన్ని? సమతలం మీద రెండు వస్తువులు గుద్దుకుంటే తర్వాత ఒక్కోదానికి తూర్పు అంశం ఒకటి, ఉత్తర అంశం ఒకటి ఉంటాయి. అంటే తెలియనివి నాలుగు. ద్రవ్యవేగ నిత్యత్వం ఇచ్చే సమీకరణాలు రెండే, దిక్కుకు ఒకటి. మిగతా రెండూ ఎక్కడి నుంచి వస్తాయన్నదే ఈ విషయం మొత్తానికి మూలం.

రోడ్డు మీది లెక్క ముందు చూద్దాం, అది తేలిక కాబట్టి. రెండు బండ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఒకే ముద్దగా కదిలితే, తర్వాతి వేగాలు రెండూ ఒకటే. తెలియనివి నాలుగు కావు, రెండే. ద్రవ్యవేగం ఇచ్చే రెండు సమీకరణాలు వాటికి చాలు. శక్తి గురించి ఏమీ తెలియనక్కర్లేదు, ఏ రేకు ఎంత నలిగిందో చూడనక్కర్లేదు. అందుకే పూర్తిగా అస్థితిస్థాపకమైన అభిఘాతం, చూడటానికి ఎంత గందరగోళంగా ఉన్నా, లెక్కలో అన్నిటికంటే సులువు.

ఉదాహరణకు ఊహించిన ఒక ప్రమాదం తీసుకుందాం. కర్నూలు వైపు నుంచి తూర్పుగా ఒక కారు వస్తున్నది, మనుషులతో కలిపి 1,200 కిలోలు. అడ్డరోడ్డు మీద దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక సరుకు బండి, 1,800 కిలోలు. రెండూ ఇరుక్కుపోయి, చక్రాలు తిరగకుండా తారు మీద గీతలు పెడుతూ 10 మీటర్లు ఈడ్చుకుపోయి ఆగాయి. ఆ గీతలు తూర్పు నుంచి ఉత్తరం వైపుకు 37 డిగ్రీలు వంగి ఉన్నాయి. పొడి తారు మీద టైరుకు ఘర్షణ గుణకం 0.7 అని తీసుకుందాం.

లెక్క వెనక నుంచి మొదలవుతుంది. 10 మీటర్లలో ఆగడానికి గుద్దుకున్న వెంటనే ముద్దకు ఉండవలసిన వేగం, 2 × 0.7 × 9.8 × 10 కు వర్గమూలం. అది సుమారు సెకనుకు 11.7 మీటర్లు. దీన్ని రెండు అంశాలుగా విడదీయాలి. 37 డిగ్రీల కొసైను 0.8, సైను 0.6 కాబట్టి తూర్పు అంశం 9.37, ఉత్తర అంశం 7.03. ఇప్పుడు దిక్కులు రెండూ వేరు వేరు లెక్కలు, ఒకదానితో ఇంకొకదానికి పనిలేదు. తూర్పుకు పోతున్నది కారు ఒక్కటే కాబట్టి ముద్ద తూర్పు ద్రవ్యవేగమంతా కారు తెచ్చినదే: 3,000 × 9.37 ను 1,200 తో భాగిస్తే సెకనుకు 23.4 మీటర్లు, అంటే గంటకు 84 కిలోమీటర్లు. ఉత్తర ద్రవ్యవేగమంతా సరుకు బండిది: 3,000 × 7.03 ను 1,800 తో భాగిస్తే సెకనుకు 11.7 మీటర్లు, గంటకు 42 కిలోమీటర్లు.

రెండు బండ్లు కలిపి తెచ్చిన గతిజ శక్తి సుమారు 4,53,000 జౌళ్లు. ఈడ్చుకుపోవడం మొదలైనప్పుడు మిగిలింది 2,06,000. సగానికి పైగా, దాదాపు 55 శాతం, ఒక్క క్షణంలో రేకు నలగడానికి, వేడికి, చప్పుడుకు పోయింది. ద్రవ్యవేగంలో మాత్రం ఏ దిక్కులోనూ తరుగు లేదు. నలగగొట్టిన బలాలు రెండు బండ్ల మధ్యవే. ఒకదాని మీద ఎంతో రెండోదాని మీద ఎదురుగా అంతే. కలిపితే సున్నా, తూర్పులోనూ ఉత్తరంలోనూ.

రోడ్డు ఘర్షణ బయటి బలమే కదా, దాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు అన్నది న్యాయమైన సందేహం. గుద్దుకోవడం సుమారు 0.1 సెకనులో అయిపోతుంది. అంతసేపట్లో 3,000 కిలోల మీద ఘర్షణ మార్చగల ద్రవ్యవేగం దాదాపు 2,060 ప్రమాణాలు. ముద్ద మొత్తం ద్రవ్యవేగం 35,000 కు పైన. అంటే తప్పు 6 శాతానికి మించదు. దెబ్బ ఇంకా గట్టిదైతే ఈ వంతు ఇంకా తగ్గుతుంది. బండ్లు నెమ్మదిగా వచ్చి ఒకదానికొకటి ఒరుసుకుపోతే మాత్రం పెరుగుతుంది, అప్పుడు ఘర్షణను వదిలేయడం కుదరదు.

ఈ లెక్కను నమ్మేముందు దాని బలహీనత ఎక్కడుందో తెలిసి ఉండాలి. గీతల కోణాన్ని 37 కు బదులు 42 డిగ్రీలుగా కొలిచారనుకోండి. కారు వేగం 84 నుంచి 78 కి దిగుతుంది, సరుకు బండి వేగం 42 నుంచి 47 కి ఎక్కుతుంది. ఐదు డిగ్రీల తప్పుకు ఐదారు కిలోమీటర్ల తేడా అంటే ఫరవాలేదు. కానీ ఒక బండి మరీ బరువుగా, ఇంకొకటి మరీ తేలికగా ఉంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. 16,000 కిలోల లారీకి, మనిషితో కలిపి 200 కిలోల మోటార్ సైకిల్ పక్క నుంచి తగిలిందనుకుందాం. తర్వాత లారీ సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయింది. లారీ దారి ఒక్క డిగ్రీ వంగిందా లేదా అన్న సందేహం చాలు: ఆ ఒక్క డిగ్రీ విలువ మోటార్ సైకిల్ వేగంలో సెకనుకు 14 మీటర్లు, గంటకు దాదాపు 50 కిలోమీటర్లు. రోడ్డు మీద గీతను డిగ్రీ తేడా లేకుండా ఎవరూ కొలవలేరు. కాబట్టి ఇలాంటి ప్రమాదంలో ద్రవ్యవేగం లెక్కతో మోటార్ సైకిల్ వేగం చెప్పబోతే, వచ్చే అంకె చూడటానికి ఖచ్చితంగా కనిపించినా దానికి విలువ లేదు. బండి గుద్దుకునే ముందు వేసిన బ్రేకు గీతలు, కెమెరా దృశ్యాలు, లోహం నలిగిన లోతు, ఇలా వేరే దారి వెతకాలి.

బండ్లు ఇరుక్కోకుండా విడిపోయినా లెక్క ఆగిపోదు. ఒక్కోటి ఎంత దూరం, ఏ కోణంలో పోయిందో విడివిడిగా కొలిచి, తూర్పు అంశాలు తూర్పువాటితో, ఉత్తర అంశాలు ఉత్తరపువాటితో కలపాలి. ఇక్కడ తెలియని నాలుగింటినీ రోడ్డే చూపించింది. ముందువి రెండే తెలియాలి, సమీకరణాలూ రెండే. కాకపోతే బండి గిరగిర తిరుగుతూ పోయినా, చక్రాలు సగం దొర్లి సగం ఈడ్చుకుపోయినా 0.7 అన్న అంకె సరిపోదు. అప్పుడు అసలైన అనిశ్చితి ద్రవ్యవేగంలో ఉండదు, దూరం నుంచి వేగం తీసే ఆ మొదటి మెట్టులోనే ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపుకు వద్దాం. ముందు ఏముందో తెలుసు, తర్వాత ఏమవుతుందో చెప్పాలి, వస్తువులు ఇరుక్కోవు. ఇక్కడ నాలుగు తెలియనివీ నాలుగుగానే ఉంటాయి. దీనికి నాకు తెలిసి క్యారమ్ బోర్డు కంటే మంచి ప్రయోగశాల లేదు. గోలీలలాగా, బిలియర్డ్స్ బంతుల్లాగా కాయిన్లు దొర్లవు, జారుతాయి. పౌడర్ చల్లిన నున్నటి పలక మీద ఘర్షణ తక్కువ. పైగా కొలతలు నియమాల్లోనే ఉన్నాయి: కాయిన్ బరువు 5 నుంచి 5.5 గ్రాములు, వ్యాసం 3.18 సెంటీమీటర్లకు మించదు. స్ట్రైకర్ 15 గ్రాములకు, 4.13 సెంటీమీటర్లకు మించకూడదు. స్ట్రైకర్ బరువు కాయిన్‌కు సుమారు మూడింతలు అన్నది గుర్తుంచుకోవలసిన అంకె.

స్ట్రైకర్ సెకనుకు 2 మీటర్లతో ఆగి ఉన్న కాయిన్ మీదికి వస్తున్నది. శక్తి ఏమాత్రం పోదనుకుందాం. తూర్పు ద్రవ్యవేగం ఒక సమీకరణం, ఉత్తరానిది ఇంకొకటి, గతిజ శక్తి మూడోది. తెలియనివి నాలుగు. ఇంకొకటి కావాలి. విద్యార్థులు ఇక్కడే గంటల తరబడి బీజగణితం తిప్పుతుంటారు, ఎంత తిప్పినా జవాబు రాదు, రాకూడదు కూడా. ఒకే స్ట్రైకర్, ఒకే వేగం, ఒకే కాయిన్, అయినా కాయిన్ ఎడమ గుంతకూ పోవచ్చు, కుడి గుంతకూ పోవచ్చు. ఎక్కడ తగిలిందో చెప్పకుండా ఏ నిత్యత్వ నియమమూ ఆ తేడా చెప్పలేదు. పుస్తకంలోని సమస్యల్లో "కాయిన్ 30 డిగ్రీల కోణంలో పోయింది" అని ఒక మాట ముందే ఇచ్చేస్తారు. నాలుగో సమీకరణం ఆ మాటే.

అసలు ఆటలో దాన్ని ఇచ్చేది జ్యామితి. తాకిన క్షణంలో స్ట్రైకర్ కేంద్రాన్ని, కాయిన్ కేంద్రాన్ని కలిపే గీత గీయండి. అంచులు నున్నగా ఉంటే ఒకదాన్ని ఒకటి నెట్టే బలం ఆ గీత వెంట మాత్రమే ఉంటుంది. ఆగి ఉన్న కాయిన్‌కు ఆ గీత వెంట తప్ప వేరే దిక్కులో పోవడానికి కారణమే లేదు. గీతకు అడ్డంగా స్ట్రైకర్‌కు ఉన్న వేగాన్ని మార్చేదీ ఏమీ లేదు. కాబట్టి తూర్పు–ఉత్తరం అక్షాలను వదిలి, గీత వెంట ఒక అక్షం, గీతకు అడ్డంగా ఒక అక్షం తీసుకుంటే రెండు మితుల సమస్య ఒక మితి సమస్యగా మారిపోతుంది.

రెండింటి వ్యాసార్థాలు కలిపితే సుమారు 3.65 సెంటీమీటర్లు. స్ట్రైకర్ కేంద్రం కదిలే దారి కాయిన్ కేంద్రానికి 1.83 సెంటీమీటర్లు పక్కగా పోతున్నదనుకుందాం. అప్పుడు కేంద్రాలను కలిపే గీత స్ట్రైకర్ దారికి 30 డిగ్రీల కోణంలో ఉంటుంది. స్ట్రైకర్ వేగంలో గీత వెంట అంశం 1.73, అడ్డంగా 1.00. గీత వెంట జరిగేది ఎదురెదురు అభిఘాతం: 15 గ్రాములది 5 గ్రాముల దాన్ని కొడితే మొదటిదానికి సగం వేగం, 0.87 మిగులుతుంది, రెండోది 1.73 కు ఒకటిన్నర రెట్లు, 2.60 తో పోతుంది. అడ్డంగా ఉన్న 1.00 స్ట్రైకర్ దగ్గరే ఉంటుంది.

దీన్ని తిరిగి మొదటి అక్షాల్లోకి మార్చుకుందాం. స్ట్రైకర్ వచ్చిన దిక్కులో కాయిన్ అంశం 2.25, పక్కకు 1.30. స్ట్రైకర్‌కు ముందుకు 1.25, రెండో పక్కకు 0.43. ముందు దిక్కులో ద్రవ్యవేగం: మొదట 15 × 2, అంటే 30. తర్వాత 18.75, 11.25 కలిపి 30. పక్క దిక్కులో మొదట సున్నా, తర్వాత 6.5 ఒకవైపు, 6.5 ఎదురువైపు. గతిజ శక్తిని సగం గుణకం వదిలేసి చూస్తే మొదట 60, తర్వాత స్ట్రైకర్‌ది 26.25, కాయిన్‌ది 33.75, మళ్లీ 60.

ఇక్కడ ఒక తప్పు చాలా తరచుగా కనిపిస్తుంది, దాని మీద కొంచెం ఆగుదాం. ద్రవ్యవేగం అంశాలుగా విడిగా నిలుస్తుంది కదా, మరి శక్తి కూడా "ముందు దిక్కు శక్తి", "పక్క దిక్కు శక్తి" అని విడిగా నిలుస్తుందనుకుని రెండు సమీకరణాలు రాస్తారు. అలా రాస్తే తెలియనివి నాలుగు, సమీకరణాలు నాలుగు, లెక్క అందంగా కుదిరినట్టు అనిపిస్తుంది. జవాబు తప్పు. మన అంకెలతోనే చూడండి: ముందు దిక్కు వేగాల వర్గాలతో లెక్కిస్తే మొదట 60, తర్వాత 48.75. మిగతా 11.25 పక్క దిక్కుకు పోయింది. మొత్తం చెక్కుచెదరలేదు, పంపకం మారింది. శక్తికి దిక్కు లేదు, దానికి అంశాలు ఉండవు. గుర్తుపట్టడానికి ఒక మార్గం ఉంది: పక్కకు మొదట వేగమే లేదు కాబట్టి తర్వాత కూడా ఉండదని ఆ తప్పు లెక్క చెబుతుంది. అది నిజమైతే క్యారమ్స్‌లో కాయిన్ ఎప్పటికీ తిన్నగానే పోవాలి.

గీత వెంట, గీతకు అడ్డంగా అక్షాలు తీసుకున్నప్పుడు మాత్రం అడ్డం వైపు శక్తి నిజంగానే విడిగా నిలిచింది. అది శక్తి నిత్యత్వం ఇచ్చిన వరం కాదు, అంచుల మధ్య ఘర్షణ లేదని మనం అనుకున్నందుకు వచ్చిన ఫలితం. ఈ తేడా తెలిస్తే మధ్యస్థమైన అభిఘాతాలు, అంటే పూర్తిగా స్థితిస్థాపకమూ కాని, ఇరుక్కుపోయేవీ కాని, నిజ జీవితంలో దాదాపు అన్నీ, తేలికగా లొంగుతాయి.

న్యూటన్ 1687 నాటి తన ప్రిన్సిపియాలో లోలకాలకు కట్టిన బంతులను గుద్దించి, విడిపోయే వేగానికి దగ్గరికొచ్చే వేగానికి ఉన్న నిష్పత్తి ఒక్కో పదార్థానికి ఒక్కో విలువగా ఉంటుందని చూపించాడు. గట్టిగా చుట్టిన ఉన్ని ఉండలకు 5/9, గాజుకు 15/16. మన పుస్తకాల్లో ప్రత్యావస్థాన గుణకం అని చదివేది ఇదే, సంకేతం e. రెండు మితుల్లో దీన్ని వాడేటప్పుడు పొరపాటు పడే చోటు ఒక్కటే. e ను మొత్తం వేగానికి వర్తింపజేయకూడదు, కేంద్రాలను కలిపే గీత వెంట ఉన్న అంశానికి మాత్రమే వర్తింపజేయాలి.

పై ఉదాహరణలోనే e విలువ 0.8 అనుకుందాం. గీత వెంట స్ట్రైకర్‌కు మిగిలేది 0.95, కాయిన్‌కు వచ్చేది 2.34. అడ్డంగా 1.00 అలాగే ఉంటుంది. శక్తి 60 నుంచి సుమారు 56 కు దిగుతుంది, నష్టం 7 శాతం. కాయిన్ దిక్కు చూడండి: అది ఇప్పుడూ 30 డిగ్రీలే. e మారినా, స్ట్రైకర్ బరువు మారినా, గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా, కాయిన్ పోయే దిక్కు మారలేదు. తగిలిన చోటు ఒక్కటే దాన్ని నిర్ణయిస్తుంది. బోర్డు కొత్తదైనా పాతదైనా మంచి ఆటగాడి గురి చెడకపోవడానికి కారణం ఇదే. మారేదల్లా స్ట్రైకర్ ఎటు పోతుందన్నది, కాయిన్ ఎంత వేగంతో పోతుందన్నది.

ఆ గురికి ఎంత ఖచ్చితత్వం కావాలో కూడా ఈ జ్యామితే చెబుతుంది. పక్కకు జరిగిన 1.83 సెంటీమీటర్ల దూరంలో ఒక్క మిల్లీమీటరు పెరిగితే కాయిన్ కోణం దాదాపు 1.8 డిగ్రీలు మారుతుంది. 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గుంత దగ్గర అది సెంటీమీటరు పైచిలుకు తేడా. గుంత వ్యాసం 4.45 సెంటీమీటర్లు, కాయిన్ 3.18, నడిమధ్యకు పోతే రెండు పక్కలా మిగిలేది ఒక్కో వైపు 6 మిల్లీమీటర్ల చోటు. కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరుకే కాయిన్ గుంత అంచుకు తగులుతుంది.

అంచులు నున్నగా ఉన్నాయన్నది కూడా పూర్తి నిజం కాదు. స్ట్రైకర్ అంచు కాయిన్ అంచును ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి దాన్ని కొద్దిగా తన వెంట లాగుతుంది. అంచుల మధ్య ఘర్షణ గుణకం 0.1 అయితే కాయిన్ లెక్క ప్రకారం పోవలసిన దిక్కు నుంచి 5.7 డిగ్రీల దాకా, స్ట్రైకర్ వచ్చిన దిక్కుకు దగ్గరగా వంగుతుంది. దాంతోపాటు కొంచెం తిరుగుతుంది కూడా. ఆటలో కాయిన్ ఎప్పుడూ ఒకే వైపుకు తప్పిపోతుంటే, స్ట్రైకర్ వచ్చిన వైపుకే తప్పుతుంటే, కారణం చేతి వణుకు కాదు, అంచుల ఘర్షణ. ఇంత జరిగినా ద్రవ్యవేగం రెండు అంశాలూ నిలిచే ఉంటాయి. పోయింది మనం నాలుగో సమీకరణంగా వాడుకున్న ఊహ మాత్రమే.

స్ట్రైకర్ గతి కూడా ఆసక్తికరమైనదే. మన ఉదాహరణలో అది తన దారి నుంచి 19.1 డిగ్రీలు పక్కకు తిరిగింది. తగిలే చోటు మార్చి చూస్తే ఈ కోణం పెరిగి, మళ్లీ తగ్గుతుంది. శక్తి పోకపోతే దాని గరిష్ఠ విలువ 19.5 డిగ్రీలు, అంతకు మించి తిరగడం ఎలా కొట్టినా సాధ్యం కాదు. ఈ గరిష్ఠ కోణపు సైను విలువ తేలిక వస్తువు బరువుకు, బరువైనదాని బరువుకు ఉన్న నిష్పత్తి: 5/15, అంటే మూడో వంతు. e విలువ 0.8 అయితే గరిష్ఠం ఇంకా తగ్గి 16.9 దగ్గర ఆగుతుంది.

ఈ చిన్న సూత్రం పరమాణువు లోపలి దాకా పోయింది. 1909లో గైగర్, మార్స్‌డెన్ పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపితే కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి. ఆల్ఫా కణం బరువు ఎలక్ట్రాన్‌కు సుమారు 7,300 రెట్లు. స్ట్రైకర్ సూత్రం ప్రకారం ఒక ఎలక్ట్రాన్ దాన్ని తిప్పగలిగేది డిగ్రీలో వందో వంతు కూడా కాదు. వెనక్కి తిప్పింది ఎలక్ట్రాన్లు కావు, ఆల్ఫా కంటే చాలా బరువైనదేదో అక్కడ ఉండి తీరాలి. రూథర్‌ఫర్డ్ 1911లో కేంద్రకాన్ని ప్రతిపాదించాడు. బంగారం పరమాణువు ఆల్ఫాకు దాదాపు 49 రెట్లు బరువు. తేలికది బరువైనదాన్ని కొడితే ఏ కోణంలోనైనా తిరగవచ్చు, వెనక్కి కూడా.

ఇక శక్తి పోకుండా, రెండు వస్తువుల బరువూ ఒకటే అయితే ఏమవుతుంది? గీత వెంట ఉన్న వేగమంతా రెండోదానికి పోతుంది, గీతకు అడ్డంగా ఉన్నది మొదటిదానికి మిగులుతుంది. కాబట్టి రెండు దారుల మధ్య కోణం కచ్చితంగా 90 డిగ్రీలు, ఎక్కడ తగిలినా సరే. సరిగ్గా ఎదురుగా తగిలితే మాత్రం మొదటిది అక్కడికక్కడే ఆగిపోతుంది. గోలీలాటలో ఇది కనిపించాలి కదా అనిపిస్తుంది: బరువులు సమానం, గాజుకు e విలువ 15/16. కానీ బయట చూస్తే 90 రాదు. గోలీ దొర్లుతూ వస్తుంది కాబట్టి దానికి పోయే వేగంతోపాటు తిరిగే వేగం కూడా ఉంటుంది, గుద్దుకోవడం ఆ తిరుగుడును దాదాపు ముట్టుకోదు. తాకిన క్షణంలో 90 డిగ్రీల్లోనే విడిపోతుంది, ఆ వెంటనే తిరుగుడు దాన్ని నేల మీద ముందుకు నెట్టడంతో దారి వంగుతుంది. 30 డిగ్రీల కోణంలో తాకిన సందర్భానికి, శక్తి నష్టం లేదనుకుని లెక్క వేస్తే, మొదటి గోలీ చివరికి పోయే దిక్కు తన మొదటి దారికి సుమారు 34 డిగ్రీలు. రెండింటి మధ్య కోణం 90 కాదు, 64 దగ్గర. ఈ వంపు పరావలయమని 1835లో కొరియోలిస్ బిలియర్డ్స్ మీద రాసిన గ్రంథంలో చూపించాడు. గోలీలతో 90 డిగ్రీలను పరీక్షించబోయే ఉపాధ్యాయులు తాకిన వెంటనే ఒకటి రెండు సెంటీమీటర్ల దారిని మాత్రమే కొలవాలి, ఆగిన చోటును కాదు.

తిరుగుడు, దొర్లుడు అడ్డురాని చోట 90 డిగ్రీలు స్పష్టంగా కనిపించాయి. హీలియం నింపిన మేఘ మందిరంలోకి ఆల్ఫా కణాలను పంపి తీసిన ఫొటోల్లో, ఒక ఆల్ఫా హీలియం కేంద్రకాన్ని తాకిన చోట దారి రెండుగా చీలి లంబకోణంలో విడిపోయింది. ఆల్ఫా అంటే హీలియం కేంద్రకమే కాబట్టి బరువులు సమానం. కోణం కొలిస్తే చాలు, తాకినది ఏమిటో తెలిసిపోతుంది: 90 కంటే తక్కువైతే తాకినది తనకంటే తేలిక, ఎక్కువైతే బరువు. భౌతికశాస్త్రవేత్త బ్లాకెట్ 1920లలో ఇలాంటి చీలిన దారులను వేల ఫొటోల్లో వెతికి కొలిచాడు. అందులో కొన్ని చోట్ల స్థితిస్థాపక లెక్కకు అంశాలు సరిపోలేదు. 1925లో ప్రకటించిన ఆ ఫొటోలే ఆల్ఫా నత్రజని కేంద్రకంలో కలిసిపోయి ప్రోటాన్‌ను బయటికి నెట్టిందని చూపించాయి. అభిఘాతం స్థితిస్థాపకమా కాదా అన్నది గీతల కోణాలు కొలిచి తేల్చారు.

ఆ తర్వాత 1932లో చాంపియన్ అనే భౌతికశాస్త్రవేత్త వేగవంతమైన ఎలక్ట్రాన్లను ఇతర ఎలక్ట్రాన్లకు తాకించిన ఫొటోలు కొలిచాడు. బరువులు సమానం, శక్తి నష్టం లేదు, దొర్లుడు లేదు. అయినా కోణం 90 కంటే తక్కువ వచ్చింది. ఎలక్ట్రాన్ వేగం కాంతి వేగానికి దగ్గరైనప్పుడు ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశి గుణించు వేగం అని వాడుకునే పాత సూత్రం సరిపోదు, సాపేక్ష సిద్ధాంతం ఇచ్చే సూత్రం వాడాలి. అంశాలను విడివిడిగా నిలబెట్టే పద్ధతి మాత్రం అదే. ఉదాహరణకు ఎలక్ట్రాన్ గతిజ శక్తి దాని నిశ్చల శక్తికి రెండింతలు, అంటే సుమారు పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఉండి, తాకాక రెండూ సమానమైన కోణాల్లో విడిపోతే, పక్క అంశాలు సున్నా అయ్యేలా, ముందు అంశాలు మొదటిదానికి సరిపోయేలా లెక్క వేస్తే ఒక్కోటి 35.3 డిగ్రీలు, రెండింటి మధ్య 70.5 వస్తుంది. చాంపియన్ కొలిచిన కోణాలు సాపేక్ష సూత్రంతో సరిపోయాయి.